గ్రూప్ టూర్ సీట్లు చివరి వారం దాకా ఎందుకు నిండవు: పోస్టుల తేదీల గురించి

ప్రశ్న: మాది చిన్న ట్రావెల్ ఏజెన్సీ. ఏడాదికి ఏడెనిమిది గ్రూప్ టూర్లు వేస్తాం. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో రోజూ ఫొటోలు పెడుతున్నాం, లైకులు బాగానే వస్తాయి. కానీ బయలుదేరే వారం వరకూ సీట్లు ఖాళీగానే ఉంటాయి, చివరికి డిస్కౌంట్ ఇచ్చి నింపాల్సి వస్తోంది. ఐటినరరీలు పెట్టాలా, పాత ప్రయాణికుల అనుభవాలు పెట్టాలా, ఎప్పుడు ఏది పెట్టాలి?

సమాధానం:

ముందు ఫోన్ పక్కన పెట్టి మీ బుకింగ్ రిజిస్టర్ తీయండి. ఏం పోస్ట్ చేయాలన్నది తర్వాత చూద్దాం. మీ కస్టమర్లు ఏ తేదీన మనసులో నిర్ణయం తీసుకుంటున్నారో తెలియకుండా పోస్టులు వేస్తే, బస్సు వెళ్లిపోయాక స్టాండులో నిలబడి చేయి ఊపినట్టే. నేనూ నాలుగైదేళ్లు అలాగే ఊపాను, అందుకే ఇంత ఖాయంగా చెబుతున్నా.

మా ఒక్క టూరు సంగతి వివరంగా చెబుతాను. తొమ్మిది రోజుల కొండ ప్రాంతం టూరు, 24 సీట్లు, కనీసం 16 మంది ఉంటేనే గిట్టుబాటు. ఏటా అక్టోబరు రెండో వారంలో బయలుదేరేది. మేం ఆగస్టు 11 ప్రాంతంలో, అంటే సరిగ్గా 60 రోజుల ముందు పోస్టులు మొదలుపెట్టి, ఆఖరి మూడు వారాల్లో హడావుడి చేసేవాళ్లం. ఒక ఏడాది 19 సీట్లు అమ్ముడుపోయాయి, మరుసటి ఏడాది 15. ఆ పదిహేనులో నాలుగు చివరి వారపు డిస్కౌంట్ సీట్లే. వాటితో అసలు తలనొప్పి బస్సులో మొదలైంది. జూలైలోనే పూర్తి ధర కట్టినావిడ పక్క సీటాయన ఎంత కట్టాడో మూడో రోజు కనుక్కుంది. మిగతా ఆరు రోజులూ మా టూర్ మేనేజర్ దేని గురించి మాట్లాడాల్సి వచ్చిందో మీరే ఊహించుకోండి.

ఆ ఏడాది తిరిగొచ్చాక రెండేళ్ల రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాం. 34 సీట్లు, కానీ బుకింగులు 15. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: సీట్లు కాదు, బుకింగులు లెక్కపెట్టాలి. నలుగురు కుటుంబం కలిసి వస్తే అది నాలుగు నిర్ణయాలు కాదు, ఒక్కటే. ప్రతి బుకింగుకూ రెండు తేదీలు రాశాం: మొదటిసారి ఎప్పుడు అడిగారు, అడ్వాన్స్ ఎప్పుడు కట్టారు. మొదటి తేదీ రిజిస్టర్‌లో ఉండదు, వాట్సాప్ చాట్‌లో పైకి జరుపుకుంటూ వెతకాలి. విసుగు పుట్టే పనే, ఒక మధ్యాహ్నం పడుతుంది.

అడ్వాన్స్ కట్టిన రోజుకీ బయలుదేరే రోజుకీ మధ్య ఎన్ని రోజులున్నాయో రాసి, పెద్దది నుంచి చిన్నదికి వరుసగా పేర్చితే మధ్యలో, అంటే ఎనిమిదో స్థానంలో 58 వచ్చింది. సగటు తీయకండి, మధ్యలోది చూడండి. ఏడాది ముందే కట్టే ఒక్క ఉత్సాహవంతుడు సగటును పాడుచేస్తాడు.

58 చూడగానే నాకు సంతోషం వేసింది. 60 రోజుల ముందు మొదలుపెట్టడం సరైనదే అనుకున్నా. మా అకౌంట్స్ చూసే అమ్మాయి ఒక మాట అంది: "సార్, మనం 60కి మొదలుపెట్టాం కాబట్టే 58 వచ్చింది కదా?" నిజమే. పోస్టు చూసి వచ్చినవాళ్లు పోస్టు తర్వాతే కదా కడతారు. అద్దంలో మన ముఖం చూసుకుని ఇదే జనాభిప్రాయం అనుకున్నట్టయింది. అందుకని పోస్టులతో పని లేకుండా వచ్చినవాళ్లను విడదీశాం: మాతో ఇంతకుముందు తిరిగినవాళ్లు, వాళ్లు చెబితే వచ్చినవాళ్లు. ఏడు బుకింగులు. వీళ్లలో మధ్యలోవారు 92 రోజుల ముందు కట్టారు, 131 రోజుల ముందు మొదటిసారి అడిగారు. తేదీల్లోకి మార్చితే జూన్ 1కి అడిగి, జూలై 10కి కట్టారన్నమాట. మేం మొదటి పోస్టు పెట్టింది ఆగస్టు 11న. స్వేచ్ఛగా నిర్ణయం తీసుకునేవాళ్లు సెలవు పెట్టి, డబ్బు కట్టి, మరో ఏజెన్సీతో ఖాయం చేసుకున్నాక మేం నోరు తెరుస్తున్నాం. ఆ తర్వాత మిగిలేది ఇంకా నిర్ణయించుకోలేనివాళ్లు, డిస్కౌంట్ కోసం ఆగేవాళ్లు. పోస్టులకు లైకులు కొట్టింది బహుశా వేరే టూరుకు డబ్బు కట్టేసినవాళ్లే.

ఏడు బుకింగులతో వచ్చిన లెక్క శాస్త్రమేమీ కాదు. కానీ ఎటు నడవాలో చెప్పడానికి చాలు. మీ టూర్లలో ఒక్కోదానికి ఒక్కో సంఖ్య వస్తుంది, అది కూడా చూడండి. వీసా కావాల్సిన విదేశీ టూరుకు ఈ గడువు ఇంకా ముందుకు జరుగుతుంది. ఉదాహరణకు షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. మామూలుగా 15 రోజుల్లో తేల్చాలి, పరిశీలన అవసరమైతే 45 రోజుల దాకా పట్టొచ్చు. 60 రోజుల ముందు పోస్టు చూసినవాడికి అక్కడ మిగిలేది ఏమిటి? రెండు రాత్రుల వారాంతపు ట్రిప్పు అయితే ఇదంతా అనవసరం, దానికి రెండు మూడు వారాల వ్యవధి చాలు.

ఇప్పుడు జూన్ 1కీ జూలై 10కీ మధ్య ఉన్న ఐదున్నర వారాల గురించి. నా దృష్టిలో గ్రూప్ టూర్ వ్యాపారం మొత్తం ఈ ఐదున్నర వారాల్లోనే జరుగుతుంది. అడిగినవాళ్లు అప్పుడు ఏం చేస్తున్నారు? చాట్‌లు చదివితే తెలిసింది. ఇంట్లో అడుగుతున్నారు, ఆఫీసులో సెలవు అడుగుతున్నారు, చెల్లెలి కుటుంబాన్ని రమ్మంటున్నారు. మనల్ని అడిగిన ప్రశ్నలు మాత్రం అందరివీ దాదాపు అవే: అమ్మకు మోకాలి నొప్పి, నడవగలదా? నేను ఒంటరిగా వస్తున్నా, గదిలో ఎవరితో ఉండాలి? మిగతావాళ్లు ఎలాంటివాళ్లు, అందరూ కుర్రాళ్లేనా? తగినంత మంది రాకపోతే టూరు రద్దు చేస్తారా? ఒక్కరు కూడా "అక్కడ సూర్యోదయం అందంగా ఉంటుందా" అని అడగలేదు. మేం ఏడాదంతా పెట్టింది సూర్యోదయాలే.

దాన్నిబట్టి పని మూడు భాగాలైంది. అడగకముందు ఐటినరరీ కనిపించాలి. అడిగాక కట్టేలోపు పాత ప్రయాణికుల మాటలు వినిపించాలి. కట్టే సమయానికి సీట్ల పరిస్థితి నిజాయితీగా తెలియాలి. మీరు బహుశా ఈ మూడూ ఒకే వారంలో కలిపి పెడుతున్నారు.

ఐటినరరీ నుంచి మొదలుపెడతాను. రిజిస్టర్ చూసిన మరుసటి ఏడాది మే 20న, అంటే మొదటి ప్రశ్నలు వచ్చే సమయానికి పది పన్నెండు రోజుల ముందు, ఒక కరౌసెల్ పెట్టాం. ఇన్‌స్టాగ్రామ్ 20 స్లైడ్ల దాకా ఒప్పుకుంటుంది కానీ మాకు పదకొండు చాలాయి: మొదటిదాంట్లో బయలుదేరే తేదీ, తిరిగొచ్చే తేదీ, మొత్తం ధర, ధరలో లేనివి, తర్వాత రోజుకు ఒక స్లైడ్, ఆఖరున ఎవరికి ఈ టూరు సరిపోదో. ధర దాచి "వివరాలకు మెసేజ్ చేయండి" అనే అలవాటు మానేయండి. దానివల్ల మెసేజ్‌లు పెరుగుతాయి, నిజమే. కానీ వాటిలో సగం ధర వినగానే మాయమవుతాయి, ఆ సగానికి జవాబులిస్తూ మీ మనిషి అసలు కొనేవాడికి ఆలస్యంగా స్పందిస్తాడు.

రోజు స్లైడ్‌లో చూడదగ్గ స్థలాల పేర్లు అందరూ రాస్తారు. మీరు రాయాల్సింది ఎన్నింటికి లేవాలి, బండిలో ఎన్ని గంటలు, ఎంత దూరం నడక, ఎన్ని మెట్లు, రాత్రి బస ఎక్కడ. మా నాలుగో రోజు స్లైడ్ మీద "ఏడు గంటలు బండిలోనే. దారి మెలికలు. రెండుసార్లు ఆగుతాం" అని రాశాం. మా పార్ట్‌నర్‌కు ప్రాణం ఒప్పలేదు, బేరం పోతుందన్నాడు. కానీ తర్వాత ఎక్కువమంది షేర్ చేసిన స్లైడ్ అదే. ఇంట్లోవాళ్లకు చూపించి "చూడు, ముందే చెప్పారు" అనడానికి అది పనికొచ్చింది. గ్రూప్ టూరును ఒక్కరే చూసి ఒక్కరే కొనరు. చూసినవాళ్లు దాన్ని ఇంకొకరి ముందు సమర్థించుకోవాలి. ఆ సమర్థనకు కావాల్సిన సరుకు మీ పోస్టులో ఉండాలి.

ఇంకొకటి, ప్రతి రోజు వెనకా ఒక కారణం ఉంటుంది కదా, అది చెప్పండి. మా మూడో రోజు ఖాళీ. సుమారు 3,000 మీటర్ల ఎత్తులో ఒక ఊళ్లో ఊరికే ఉంటాం. చూసినవాళ్లంతా "ఒక రోజు వృథా, పక్క ఏజెన్సీ ఎనిమిది రోజుల్లోనే చూపిస్తోంది" అనేవాళ్లు. ఆ ఒక్క రోజు మీద విడిగా ఒక రీల్ చేశాం: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం, మూడు నాలుగు రోజులకొకసారి ఆగడం పర్వతప్రాంత వైద్యులు చెప్పే పద్ధతి. ఆగకుండా పైకి వెళితే తలనొప్పి, వాంతులు, నిద్ర లేకపోవడం. అందుకే ఈ రోజు ఉంది. మా గైడ్ ఫోన్‌లో చెప్పింది చెప్పినట్టు పెట్టాం, సంగీతం కూడా లేదు. ఎనిమిది రోజుల టూరుతో పోల్చి అడగడం ఆ తర్వాత చాలావరకు తగ్గింది. ఐటినరరీలో జనం లోపం అనుకునే చోటే మీ అనుభవం దాగి ఉంటుంది, దాన్ని బయటపెట్టండి. దారి మొత్తం చెబితే పోటీవాళ్లు కాపీ కొడతారనే భయం నాకూ ఉండేది. కొడతారు. దారిని కాపీ కొట్టగలరు, మూడో రోజు ఎందుకుందో వాళ్ల మనిషి చెప్పలేడు.

వాట్సాప్‌లో తిరిగేది మాత్రం కరౌసెల్ కాదు, పీడీఎఫ్. ఇక్కడ మేం ఒకసారి దెబ్బతిన్నాం. ఒక పెద్దాయన ఫోన్ చేసి సీట్లు అడిగారు, ధర చెబితే మోసం అన్నారు. ఆయన చేతిలో రెండేళ్ల కిందటి పీడీఎఫ్ ఉంది, ఏదో బంధువుల గ్రూపులో తిరిగి తిరిగి ఆయనకు చేరింది. దాని మీద తేదీ, నెల ఉన్నాయి, సంవత్సరం లేదు. అప్పటి నుంచి ప్రతి పేజీ అడుగున "ఈ ధర ఫలానా తేదీ, ఫలానా సంవత్సరం వరకే" అని ఉంటుంది, ఫైలు పేరులోనూ సంవత్సరం ఉంటుంది.

ఏ పోస్టు నుంచి ఎవరొచ్చారో తెలియాలంటే పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వాట్సాప్ లింకులోనే ముందుగా ఒక చిన్న కోడ్ పెట్టొచ్చు:

```
https://wa.me/NUMBER?text=OCT9-A
```

NUMBER ఉన్నచోట మీ నంబరును దేశం కోడ్‌తో కలిపి రాయాలి, ముందు ప్లస్ గుర్తు గానీ సున్నాలు గానీ ఉండకూడదు. OCT9 అంటే అక్టోబరు తొమ్మిది రోజుల టూరు, చివరి అక్షరం పోస్టును బట్టి మారుతుంది: కరౌసెల్ దగ్గర A, మోకాలి నొప్పి కథ దగ్గర B, సీట్ల పోస్టు దగ్గర C. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసే లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి దాన్ని బయోలో, స్టోరీ స్టిక్కర్‌లో మారుస్తూ ఉండాలి. కొందరు ఆ కోడ్ చెరిపేసి "హాయ్" అని పంపుతారు, పర్వాలేదు. మిగతావాళ్లతోనే మీకు పరిస్థితి అర్థమవుతుంది. లైకుల సంఖ్య చూడటం ఆపేసి ఎంతమంది సేవ్ చేశారు, ఎంతమంది షేర్ చేశారు, ఎంతమంది అడిగారు, ఈ మూడే వారానికోసారి రాసుకోండి.

ఇక ప్రయాణికుల అనుభవాలు. ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు, టూరు అయిపోగానే వేడివేడిగా అన్నీ పెట్టేయడం. అక్టోబరు 18న తిరిగొస్తారు, నవంబరు కల్లా పది వీడియోలు అయిపోతాయి. నవంబరులో వచ్చే అక్టోబరు టూరు గురించి ఎవరూ ఆలోచించరు. మళ్లీ జూన్‌లో, నిజంగా సందేహాలున్నప్పుడు, మీ దగ్గర కొత్తగా చెప్పడానికేమీ ఉండదు. ఒకటి రెండు పెట్టి, మిగతావి దాచండి. దాచినవాటికి పేర్లు పెట్టండి: "మోకాలు", "ఒంటరి", "పిల్లలు", "వర్షం". వచ్చే ఏడాది జూన్ 10 నుంచి జూలై 10 మధ్య వారానికి ఒకటో రెండో బయటకు తీయండి. కనిపించిన పోస్టు కన్నా, అడిగినవాడికి నేరుగా పంపిన కథ ఎక్కువ పనిచేస్తుంది. "అమ్మకు మోకాలి నొప్పండీ" అన్నవారికి మన మాట వద్దు, కిందటేడు 64 ఏళ్ల ఒకావిడ తన గొంతుతో చెప్పిన నిమిషంన్నర ఆడియో పంపండి.

ఆ ఆడియో ఎలా వచ్చిందో చెబుతాను, ఎందుకంటే "టూరు ఎలా ఉందండీ?" అని అడిగితే "చాలా బాగుంది, ఏర్పాట్లు సూపర్" అనే వస్తుంది. అలాంటి ఇరవై వీడియోలు నా దగ్గరున్నాయి, ఒక్కటీ పనికిరాలేదు. మేం మూడు ప్రశ్నలే అడుగుతాం. బయలుదేరే ముందు దేనికి భయపడ్డారు? ఆ విషయంలో నిజంగా ఏమైంది? మీలాంటివాళ్లు వస్తామంటే ఏం జాగ్రత్త చెబుతారు? ఆవిడ ఏమన్నారంటే: "నడవలేనేమో, అందరినీ ఆపేస్తానేమో అని భయపడ్డా. అయిదో రోజు మెట్ల దగ్గర నిజంగానే నావల్ల కాలేదు. కింద టీ కొట్టు దగ్గర కూర్చున్నా, మేనేజర్ ఒకబ్బాయిని నాకు తోడుంచాడు. మెట్లు ఎక్కలేనివాళ్లు ఆ గంటన్నర కూర్చోవడానికి సిద్ధపడి రండి." చూడండి, ఇందులో ఆవిడ చూడాల్సినది చూడలేకపోయింది. కానీ దీన్ని విన్న కూతురికి కావాల్సిన సమాధానం దొరికింది.

అడిగే సమయం కూడా ముఖ్యం. ఆఖరి రోజు అడగకండి, అప్పుడు మనసంతా సామాను మీద, ఇంటి మీద ఉంటుంది. ముందు రోజు సాయంత్రం, అందరూ ఒకచోట కూర్చున్నప్పుడు అడగండి. వీడియో అంటే బిగుసుకుపోయేవాళ్లు వాయిస్ నోట్ అంటే గలగలా మాట్లాడతారు. ఆ వాయిస్ కింద ఆ చోటి ఫొటో పెడితే చాలు.

అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి, వాట్సాప్‌లో "నా మాటలు, ఫొటో మీ పేజీలో పెట్టుకోవచ్చు" అని ఒక వాక్యం చాలు. వెనక కనిపించే మిగతావాళ్లనూ అడగాలి. ఒకసారి గ్రూప్ ఫొటో టూరు మధ్యలోనే పెట్టేశాం. అందులో ఒకాయన ఆఫీసులో ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టి వచ్చాడట. తప్పు ఆయనదే అనుకోండి, కానీ మళ్లీ మా దగ్గరకు రాలేదు. పైగా వీళ్లంతా ఊళ్లో లేరు, ఇళ్లు తాళం వేసి ఉన్నాయి అని లోకానికి చాటినట్టు కూడా అవుతుంది. అప్పటి నుంచి ముఖాలున్న ఫొటోలేవీ అందరూ ఇంటికి చేరేదాకా పెట్టం. అనుభవం చెప్పినందుకు వచ్చే టూరులో రాయితీ ఇస్తే ఆ సంగతి పోస్టులోనే రాయండి. చాలా దేశాల్లో అది నిబంధన, పైగా దాచింది బయటపడితే మిగతా కథలన్నీ అబద్ధాల కింద జమ అవుతాయి.

మూడో భాగం, సీట్లు. "తొందరపడండి, కొన్ని సీట్లే మిగిలాయి" అని ఏడాది పొడవునా పెట్టేవాళ్లను జనం నమ్మడం ఎప్పుడో మానేశారు. నిజమైన గడువులు మీ దగ్గరే ఉన్నాయి, అవి వాడుకోండి. సాధారణంగా 10 మంది, అంతకు మించి ఉంటే ఎయిర్‌లైన్లు గ్రూప్ ఛార్జీ ఇస్తాయి, ఒక తేదీలోపు మిగిలిన సీట్లు వెనక్కివ్వాలి. హోటల్ గదులకూ అలాంటి తేదీ ఉంటుంది. మాకు ఆ రెండూ కలిసి 45 రోజుల దగ్గర, అంటే ఆగస్టు 26న పడ్డాయి. అదే మా నిర్ణయ తేదీ. "ఆగస్టు 26న మిగిలిన గదులు హోటల్‌కు తిరిగి ఇచ్చేస్తాం, ఆ తర్వాత దొరికితే దొరికిన ధరకే" అని జూలై 10 నుంచి రాస్తూ వచ్చాం. అది బెదిరింపు కాదు, నిజం. నిజం కాబట్టి 27న ఫోన్ చేసినవాళ్లకు పాత ధర ఇవ్వలేదు కూడా.

కనీస సంఖ్య గురించి కూడా దాచకండి. ఐరోపా సమాఖ్య ప్యాకేజీ టూర్ల నిబంధనల్లో (2015/2302 డైరెక్టివ్), తగినంత మంది రాక టూరు రద్దు చేయాలంటే ఆరు రోజులకు మించిన ప్రయాణానికి కనీసం 20 రోజుల ముందు చెప్పాలి. మీ దగ్గర నిబంధన ఎలా ఉన్నా, ఆ తేదీని మీరే ప్రకటించుకోండి. మా అనుభవంలో అన్ని పోస్టుల్లోకీ ఎక్కువ పని చేసింది ఒక సాదాసీదా అక్షరాల పోస్టు: "16 మంది పూర్తయ్యారు. అక్టోబరు 10 టూరు ఖాయం." ఆగస్టు 7న పెట్టాం. ఫొటో కూడా లేదు. అడిగి ఆగిపోయినవాళ్లకు అదే విడివిడిగా పంపాం. ఎంతమంది కేవలం ఇది తేలడం కోసమే కాచుకుని ఉన్నారో అప్పుడు తెలిసింది.

ఆఖరి రెండు మూడు సీట్లలో ఒక మెలిక ఉంటుంది, కొత్తవాళ్లు పట్టించుకోరు. గదికి ఇద్దరు చొప్పున వేశారు కదా, ఒంటరిగా వచ్చినవాళ్లకు జత కుదరాలి. "రెండు సీట్లు ఉన్నాయి" అని పెడితే ఒక జంట వచ్చి అడుగుతారు. తీరా చూస్తే ఒకటి ఆడవాళ్ల గదిలో, ఒకటి మగవాళ్ల గదిలో. "ఒక మహిళకు, షేరింగ్ గదిలో ఒక సీటు" అని రాస్తే తగినవాళ్లే వస్తారు.

ఇలా చేసిన ఆ ఏడాది లెక్క ఇలా తేలింది. జూలై 10కి 9 సీట్లు, ఆగస్టు 11కి 17, ఆగస్టు 26కి 22. సెప్టెంబరులో మహిళా షేరింగ్ సీటు పోయింది, మగవాళ్ల సీటు ఒకటి ఖాళీగానే వెళ్లింది. డిస్కౌంట్ ఒక్కటీ ఇవ్వలేదు. పోస్టుల సంఖ్య చూస్తే అంతకుముందు ఏడాది కన్నా సగానికి తక్కువ. జూలై 10కి తొమ్మిదే కదా అని అప్పట్లో మా పార్ట్‌నర్ కంగారుపడి ఆఫర్ పెడదామన్నాడు. అప్పటికి 92 రోజులుంది, అడిగినవాళ్ల జాబితాలో ఇంకా ఇరవై మందికి పైగా జవాబు చెప్పాల్సి ఉంది, ఆగమన్నాను. ఇది చూసుకోండి: సీట్లు తక్కువగా ఉండి అడిగినవాళ్లు ఎక్కువగా ఉంటే సందేహాలు తీర్చాలి. అడిగినవాళ్లే లేకపోతే మాత్రం ఐటినరరీ ఎవరికీ చేరలేదన్నమాట, అప్పుడు ప్రకటన పెట్టాలి.

ప్రకటనల గురించి రెండు మాటలే. మెటా ప్రకటనల వ్యవస్థ కుదురుకోవడానికి ఒక్కో యాడ్ సెట్‌కు, అంటే ఒకే లక్ష్యంతో కలిపి నడిపే ప్రకటనల గుంపుకు, వారంలో సుమారు 50 ఫలితాలు కావాలంటుంది. 24 సీట్ల టూరుకు వారానికి 50 బుకింగులు ఈ జన్మలో రావు. కాబట్టి బుకింగులు కాకుండా మెసేజ్‌లు లక్ష్యంగా పెట్టండి, డబ్బును అయిదు యాడ్ సెట్లకు పంచకుండా ఒక్కదానికే పెట్టండి. ఎప్పుడంటే, మా టూరుకైతే మే 20 నుంచి జూలై మొదటి వారం వరకు. చివరి వారాల్లో పెట్టే ప్రకటన డిస్కౌంట్ వేటగాళ్లనే పట్టుకొస్తుంది. మెసేజ్‌లు వచ్చే గంటల్లో జవాబిచ్చే మనిషి లేకపోతే అసలు మొదలే పెట్టకండి.

కొత్త చోటికి మొదటి టూరు అయితే పాత ప్రయాణికుల కథలు ఉండవు. అప్పుడు మీరో మీ మేనేజరో ముందుగా ఆ దారి చూసి వచ్చినప్పటి మాటలు వాడండి: ఎక్కడ ఇబ్బంది పడ్డారు, దానివల్ల ఐటినరరీలో ఏం మార్చారు. వేరే టూరు వీడియోలు తెచ్చి అతికించకండి, గుర్తుపట్టేవాళ్లు ఉంటారు.

మీకు ఇప్పుడు నెలన్నర రెండు నెలల్లో బయలుదేరే టూరు ఏదైనా చేతిలో ఉంటే, దానికి ఈ క్యాలెండర్ ఇక పనికిరాదు, కొత్త పోస్టులతో పెద్దగా సాధించేదీ లేదు. ఈ నాలుగు నెలల్లో ఆ టూరు గురించి అడిగి కట్టనివాళ్ల జాబితా తీయండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వద్దు, మామూలు వాట్సాప్‌లో దానికి 256 మంది పరిమితి, పైగా మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు అసలు చేరదు. ఒక్కొక్కరికీ వాళ్లు చివరిగా అడిగిన ప్రశ్నకు జవాబుతో మొదలుపెట్టి, ఇప్పటికి ఎంతమంది కట్టారో, టూరు ఖాయమో కాదో, ఏ తేదీలోపు చెప్పాలో రాయండి. రోజుకు పదిమందికి రాస్తే వారంలో అయిపోతుంది. అందులో ఎవరు ఏ కారణంతో వద్దన్నారో కూడా రాసి పెట్టుకోండి, వచ్చే టూరు చివర ఏ కథలు అడగాలో ఆ జాబితాయే చెబుతుంది.